రొప్పు ఆగకపోతే ముందు నీళ్లు, తర్వాతే కారు: కుక్కకి వడదెబ్బ

ప్రశ్న: మా పగ్‌కి ఐదేళ్లు, కాస్త లావుగానే ఉంటుంది. నిన్న సాయంత్రం ఎండ తగ్గాకే బయట తిప్పాం, ఇంటికొచ్చి అరగంటైనా రొప్పడం ఆగలేదు, నోట్లోంచి చొంగ తీగలా కారింది. తడి తువ్వాలు కప్పి పడుకోబెడితే రాత్రికి మామూలైంది. ఇది వడదెబ్బేనా? మళ్లీ ఇలా అయితే డాక్టర్ దగ్గరకి చేరేలోపు ఏం చేయాలి? చల్లనీళ్లు పోస్తే షాక్‌లోకి వెళ్తుందంటున్నారు, నిజమేనా?

సమాధానం:

మీరు చెప్పినదాన్ని బట్టి అది వడదెబ్బ మొదలే. రాత్రికి తేరుకుంది కాబట్టి అక్కడితో ఆగింది, కానీ ఇవాళే ఒకసారి డాక్టర్‌కి చూపించండి, ఎందుకో కింద చెప్తాను. చల్లనీళ్ల షాక్ మాట నిజం కాదు. ఆ భయంతో నీళ్లు పోయకుండా కూర్చోవడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. నేను కుక్కల ఎమర్జెన్సీ కేసులు చూసే వెటర్నరీ డాక్టర్‌ని, వేసవి వచ్చిందంటే ఫోన్‌లో ఎక్కువగా చెప్పేది ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు రొప్పడం సంగతి. మనకి ఒళ్లంతా చెమట పడుతుంది, కుక్కకి పాదాల అడుగున తప్ప దాదాపు ఎక్కడా పట్టదు, దాంతో ఒరిగేదేమీ లేదు. ఒంట్లో వేడి బయటికి పోవాలంటే దానికున్న ప్రధాన దారి నోరు, నాలుక, ముక్కు లోపలి తడి. గాలి ఆ తడి మీదుగా వేగంగా వెళ్తే తడి ఆవిరవుతుంది, ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుపోతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే మిగతావన్నీ అర్థమైపోతాయి. గాలిలో ఉక్క ఎక్కువగా ఉంటే తడి ఆవిరి కాదు, కుక్క ఎంత రొప్పినా వేడి దిగదు. అందుకే ఎండ తగ్గాక, సూర్యాస్తమయం తర్వాత కూడా వడదెబ్బ తగులుతుంది, మీకు జరిగింది బహుశా అదే. ఇక పగ్, బుల్‌డాగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు జాతులకి అసలు దారే ఇరుకు. ముక్కు రంధ్రాలు చిన్నవి, అంగిలి వెనక మెత్తటి భాగం పొడుగ్గా ఉండి గొంతులోకి వేలాడుతుంది. గాలి లాగడానికి ఛాతీ కండరాలు ఎక్కువ కష్టపడాలి, ఆ కష్టం వల్ల ఇంకా వేడి పుడుతుంది, బలంగా లాగేకొద్దీ గొంతు లోపల వాస్తుంది, వాచేకొద్దీ దారి ఇంకా ఇరుకవుతుంది. అంటే మీ పగ్ విషయంలో రొప్పడమే వేడిని పెంచే స్థితి ఒకటి వస్తుంది, అక్కడి నుంచి అది తనంతట తాను బయటపడలేదు. దానికి తోడు లావు. కొవ్వు వేడిని లోపలే పట్టి ఉంచుతుంది.

మామూలు రొప్పుకీ ప్రమాదకరమైన రొప్పుకీ తేడా ఎలా తెలుస్తుందంటే, నేను చూసే మొదటి విషయం సమయం. నడక ఆపి నీడలో, గాలి తగిలేచోట కూర్చోబెట్టాక ఆరోగ్యంగా ఉన్న కుక్క రొప్పు కొద్ది నిమిషాల్లోనే తగ్గుముఖం పడుతుంది, మధ్యమధ్యలో నోరు మూస్తుంది, మింగుతుంది, చుట్టూ చూస్తుంది. పది నిమిషాలు గడిచినా ఒక్కసారి కూడా నోరు మూయలేదంటే అది అలసట కాదు. అరగంట ఆగి చూడొద్దు, పది నిమిషాలే ఎక్కువ.

రెండోది నాలుక. వేడెక్కిన కుక్క నాలుక మామూలుకంటే వెడల్పుగా సాగి, చివర పారలా చదునుగా అయి కొద్దిగా పైకి వంగి ఉంటుంది, రంగు బాగా ముదురుతుంది. చొంగ పల్చగా కాకుండా చిక్కగా తీగలు సాగుతుంది, మీరు గమనించింది అదే. పగ్గుల్లో శబ్దం కూడా మారుతుంది, రోజూ వచ్చే గురక లాంటి చప్పుడు కాకుండా లోపలికి లాగేటప్పుడు గరగరమనే కటువైన శబ్దం వస్తుంది. రోజూ వినే యజమానికి ఆ మార్పు నాకంటే ముందే తెలుస్తుంది, తెలిసినప్పుడు తేలిగ్గా తీసుకోకండి.

తర్వాత పెదవి పైకెత్తి చిగుళ్లు చూడండి. మామూలుగా లేత గులాబీ రంగులో తడిగా ఉంటాయి. వడదెబ్బ మొదట్లో ఇటుక రంగుకి తిరుగుతాయి, ముట్టుకుంటే జిగటగా వేలికి అంటుకున్నట్టు ఉంటాయి. వేలితో ఒకసారి నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. తొలిదశలో ఇంకా వేగంగా, వదలగానే వచ్చేస్తుంది. అదే చిగుళ్లు పాలిపోయి గానీ, బూడిదరంగు, నీలంగా గానీ ఉండి, రంగు రావడానికి రెండు సెకన్ల పైన పడుతుంటే రక్తప్రసరణ దెబ్బతింటోందని, అంటే మీ చేతిలో సమయం లేదని. చాలా పగ్గులకి చిగుళ్లు నల్లగా ఉంటాయి, అప్పుడు కింది కనురెప్పని కొద్దిగా లాగి లోపలి రంగు చూడండి.

అన్నిటికంటే ముఖ్యం దాని ప్రవర్తన. పిలిస్తే పలకడం లేదు, మీ వైపు చూస్తుంది గానీ మిమ్మల్ని చూడట్లేదు, లేచి నిలబడితే వెనక కాళ్లు తూలుతున్నాయి, గోడకి ఆనుకుంటోంది, వాంతి లేదా విరేచనం అయింది, అందులో రక్తం ఉంది, ఫిట్స్ వచ్చింది, కూలబడింది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మెదడు మీదో పేగుల మీదో వేడి ప్రభావం పడిందనే లెక్క. ఇంకో మోసం ఉంది. అప్పటిదాకా రొప్పిన కుక్క ఉన్నట్టుండి రొప్పడం మానేసి మగతగా పడుకుంటే ఇంట్లోవాళ్లు "హమ్మయ్య, సర్దుకుంది" అనుకుంటారు. నిజంగా సర్దుకున్న కుక్క తల ఎత్తుతుంది, పిలిస్తే తోక ఆడిస్తుంది. పలకకుండా రొప్పు ఆగిందంటే రొప్పే ఓపిక అయిపోయిందని.

థర్మామీటర్ గురించి ఇక్కడే చెప్పేస్తాను. కుక్కకి మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా, అంటే మనకి జ్వరం అనిపించేది దానికి సహజం. 105.8 దాటి, అంటే 41 డిగ్రీల సెల్సియస్ దాటి, పైన చెప్పిన తూలడం, మగత లాంటివి కూడా ఉంటే ఖాయంగా వడదెబ్బ. మామూలు డిజిటల్ థర్మామీటర్ చాలు, చివరకి కాస్త వాజెలిన్ రాసి మలద్వారంలో రెండు మూడు సెంటీమీటర్లు పెట్టి చూడాలి. నుదుటి మీద గురిపెట్టే రకం కుక్క బొచ్చు మీద పనికిరాదు. కాకపోతే అంకె కోసం ఆగొద్దు. థర్మామీటర్ వెతకడానికి ఐదు నిమిషాలు పోయేట్టుంటే ఆ ఐదు నిమిషాలూ నీళ్లు పోయండి. ఇంకో సంగతి, అంకె తక్కువ చూపించినంత మాత్రాన వడదెబ్బ కాదని కూడా అనుకోవద్దు, అప్పటికే కాస్త చల్లబడి ఉండొచ్చు, లోపల జరిగిన దెబ్బ జరిగే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. వడదెబ్బ తగిలిన కుక్కని చూడగానే అందరూ చేసే పని, ఎత్తుకుని కారులో వేసుకుని పరిగెత్తడం. ప్రేమతోనే చేస్తారు, కానీ వరస తప్పు. ముందు చల్లబరచాలి, తర్వాత తీసుకెళ్లాలి. ఒంట్లో కణాలు ఎంత దెబ్బతింటాయనేది ఎంత వేడి ఎక్కింది అనేదానితో పాటు ఆ వేడి ఎంతసేపు ఉంది అనేదాని మీద ఆధారపడి ఉంటుంది. ఇరవై నిమిషాల ప్రయాణంలో 107 డిగ్రీల మీద ఉన్న కుక్క లోపల ఇరవై నిమిషాలూ ఉడుకుతూనే ఉంటుంది. నా దగ్గరకి వచ్చాక నేను చేసే మొదటి పని కూడా నీళ్లు పోసి ఫ్యాన్ పెట్టడమే, అది మీ ఇంటి గుమ్మం దగ్గర ఇరవై నిమిషాల ముందే మొదలవ్వచ్చు కదా. బ్రిటన్‌లో రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు అక్కడి క్లినిక్‌ల రికార్డులు తిరగేసి 2023లో ఒక అధ్యయనం ప్రచురించారు. వడదెబ్బతో వచ్చిన కుక్కల్లో బయల్దేరేముందు చల్లబరిచినవి 22 శాతమే, ఇంట్లోనో క్లినిక్‌లోనో ఎలా చల్లబరిచారో రాసి ఉన్న కేసుల్లో కూడా సుమారు సగంలో వాడింది తడి తువ్వాలు. అంటే మీరొక్కరే కాదు, అందరూ చేసేది అదే.

తడి తువ్వాలు ఎందుకు సరిపోదంటే, పైన చెప్పిన ఆవిరి సంగతి గుర్తు చేసుకోండి. కప్పిన మొదటి ఒకట్రెండు నిమిషాలు చల్లగా ఉంటుంది, ఆ తర్వాత కుక్క ఒంటి వేడికి తువ్వాలే వెచ్చబడుతుంది, చర్మానికీ గాలికీ మధ్య అడ్డంగా ఉండిపోతుంది, లోపలి తడి ఎటూ ఆవిరి కాదు. ఉక్కగా ఉన్న రోజు దుప్పటి కప్పినట్టే. నిన్న మీ కుక్క తువ్వాలు వల్ల కాదు, విశ్రాంతి వల్ల తేరుకుని ఉంటుంది. తువ్వాలు తప్ప ఇంకేమీ లేని పరిస్థితి అయితే కప్పకుండా, దాన్ని నీళ్లలో ముంచి ఒంటి మీద పిండుతూ ఉండండి, లేదా తడిపి కుక్క కింద పరవండి.

చేయాల్సింది ఇలా. కుక్కని నీడలోకి, వీలైతే టైల్స్ నేల మీదకి తేవాలి. కాలర్, హార్నెస్, బట్టలు, ముఖ్యంగా నోటికి తొడిగే మజిల్ ఉంటే వెంటనే తీసేయాలి, నోరు తెరవలేని కుక్కకి వేడి పోయే దారే మూసుకుపోయినట్టు. మగ్గుతోనో పైపుతోనో ఒళ్లంతా నీళ్లు పోయాలి, మెడ, చంకలు, పొట్ట, గజ్జలు, తొడల లోపలి వైపు, వీపు, అన్నీ. తల వెనక భాగం తడపొచ్చు గానీ ముక్కులోకి, నోట్లోకి నీళ్లు పోకుండా చూసుకోవాలి. బొచ్చు దట్టంగా ఉంటే పైపైన నీళ్లు జారిపోతాయి, వేళ్లతో బొచ్చు విడదీసి చర్మం తడిసేదాకా పోయాలి. నీళ్లు పోస్తూనే ఫ్యాన్ గాలి నేరుగా తగిలేలా పెట్టాలి, ఫ్యాన్ లేకపోతే అట్టముక్కతో ఒకరు విసురుతూ ఉండాలి. నీళ్లు ఒక్కటే కాదు, గాలి కూడా కావాలి, రెండూ కలిస్తేనే వేగంగా దిగుతుంది. తడి నేల మీద ఫ్యాన్ వైరు పడి ఉండకుండా చూసుకోండి, ఆ హడావుడిలో ఎవరికీ గుర్తు రాదు.

పైపు వాడేటప్పుడు ఒక జాగ్రత్త. ఎండలో పడి ఉన్న పైపులో ముందు వచ్చే నీళ్లు కాలిపోతూ ఉంటాయి, చేతి మీద పోసుకుని చూసి, చల్లబడ్డాకే కుక్క వైపు తిప్పండి. వేసవి మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు కూడా గోరువెచ్చగానే ఉంటాయి, ఫ్రిజ్‌లో నీళ్లు, ఐస్ ఏమైనా ఉంటే బకెట్‌లో కలిపేయండి. ఏవీ లేకపోతే ఆ గోరువెచ్చటి నీళ్లే పోయండి, ఫ్యాన్ ఉంటే పనిచేస్తాయి. కుక్క ఒంటికంటే చల్లగా ఉన్న ఏ నీళ్లైనా పోయకపోవడం కంటే నయమే.

చల్లనీళ్ల షాక్ గురించి అడిగారు. చల్లనీళ్లు తగిలితే చర్మం కింద రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే చిక్కుకుంటుందని పాత పుస్తకాల్లో ఉండేది, అందుకే "గోరువెచ్చటి నీళ్లే వాడాలి" అనే సలహా ఇప్పటికీ తిరుగుతోంది. నాళాలు కొంత ముడుచుకునేది నిజమే, కానీ నీళ్లు ఎంత చల్లగా ఉంటే అంత ఎక్కువ వేడి బయటికి లాగుతాయి, మొత్తం మీద కుక్క వేగంగానే చల్లబడుతుంది. వడదెబ్బ తగిలిన అథ్లెట్లని మంచునీళ్ల టబ్బులో కూర్చోబెట్టడమే మనుషుల వైద్యంలో ప్రామాణిక పద్ధతి. కుక్కల్లో కూడా వయసులో ఉండి వేరే జబ్బులేమీ లేని, స్పృహలో ఉన్న కుక్కని మెడదాకా చల్లటి నీళ్ల టబ్బులో ఉంచి, తల ఎవరో ఒకరు పట్టుకుని ఉండటం అన్నిటికంటే వేగమైన దారి. వయసు మళ్లినవాటికి, గుండె, ఊపిరి ఇబ్బందులున్నవాటికి మాత్రం టబ్బు కాకుండా నీళ్లు పోసి గాలి పెట్టే పద్ధతి మంచిది. మీ పగ్‌కి కూడా అదే చేయండి, నీళ్లలో ముంచితే అది బెదిరి పెనుగులాడుతుంది, ఆ పెనుగులాటకి ఊపిరి ఇంకా కష్టమవుతుంది. పగ్‌ని పక్కకి పడుకోబెట్టడం కూడా వద్దు, ఛాతీ నేలకి ఆని, మెడ ముందుకి చాచి ఉండేలా పట్టుకోండి, గడ్డం కింద చుట్టిన గుడ్డ పెడితే గాలి దారి కాస్త తెరుచుకుంటుంది.

తాగడానికి నీళ్లు గిన్నెలో ముందు పెట్టండి, తనంతట తాను కొద్దికొద్దిగా తాగితే తాగనివ్వండి. నోరు తెరిచి పోయొద్దు, మగతగా ఉన్న కుక్కకైతే అసలు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే వడదెబ్బకి న్యుమోనియా తోడవుతుంది. ఇంకో పెద్ద పొరపాటు జ్వరం మాత్ర. ఒళ్లు కాలుతోంది కదా అని పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వేస్తారు. జ్వరంలో మెదడే ఉష్ణోగ్రత పెంచమని చెప్తుంది, ఆ మాత్ర పనిచేసేది అక్కడ. వడదెబ్బలో మెదడు తగ్గించమనే చెప్తోంది, ఒళ్లు తగ్గించలేకపోతోంది, కాబట్టి మాత్ర వల్ల ఉపయోగం సున్నా. పైగా ఆ మందులు కుక్కల కాలేయానికి, కిడ్నీలకి, పేగులకి హాని చేస్తాయి, వడదెబ్బలో దెబ్బతినేవీ అవే.

ఎక్కడ ఆపాలన్నది కూడా తెలియాలి. థర్మామీటర్ ఉంటే ఐదు నిమిషాలకోసారి చూస్తూ 103 దగ్గరకి రాగానే నీళ్లు ఆపేయండి. మామూలు అంకె వచ్చేదాకా పోస్తూ ఉంటే అక్కడ ఆగదు, ఇంకా కిందకి జారి 99, 98 అయి వణుకు మొదలవుతుంది, వడదెబ్బ తగిలిన ఒళ్లు దాన్ని సరిచేసుకోలేదు. థర్మామీటర్ లేకపోతే కుక్క నోరు మూసి మామూలుగా ఊపిరి తీసుకోవడం, లేదా వణకడం గుర్తుగా పెట్టుకోండి. ఈ రెండూ కనబడకపోయినా పది పదిహేను నిమిషాలు గట్టిగా చల్లబరిచాక బయల్దేరిపోండి. స్పృహ లేకుండా పడి ఉంటే, ఫిట్స్ వస్తుంటే అంతసేపు కూడా ఆగొద్దు, ఒకరు బండి తెచ్చేలోపు ఇంకొకరు ఒళ్లంతా తడిపి, దారిలో కూడా బాటిళ్లతో పోస్తూ వెళ్లండి. ఫిట్స్ వస్తున్నప్పుడు నోట్లో వేలు పెట్టకండి.

కారులో ఏసీ పూర్తిగా పెట్టి గాలి కుక్క మీదకి తిప్పండి, ఏసీ లేకపోతే అద్దాలన్నీ దించండి. ఒళ్లు తడిగా ఉండి గాలి ఆడుతుంటే ప్రయాణమంతా చల్లబడుతూనే ఉంటుంది. బయల్దేరేముందు ఫోన్ చేసి బరువెంత, ఎంతసేపటి నుంచి, స్పృహలో ఉందా, చివరి ఉష్ణోగ్రత ఎంత అన్నవి చెప్తే చాలు, మేం ఆక్సిజన్, సెలైన్ సిద్ధంగా పెట్టుకుంటాం.

ఒక కేసు చెప్తాను, వరస అర్థమవుతుంది. ఆరేళ్ల లాబ్రడార్, మగది, 38 కిలోలు, ఉండాల్సిన దానికంటే ఒక ఆరేడు కిలోలు ఎక్కువ. సాయంత్రం ఆరున్నరకి మైదానంలో బంతి ఆట. ఎండ లేదు, ఉక్క మాత్రం విపరీతం. లాబ్రడార్‌కి బంతి కనబడితే ఆగడం తెలియదు, యజమాని విసిరినంతసేపూ పరిగెత్తింది. ఏడు దాటాక ఒకసారి వాంతి చేసుకుని, నాలుగడుగులు తూలి కూర్చుండిపోయింది. ఫోన్‌లో ఆయన గొంతు వణుకుతోంది, కారు ఎక్కించేస్తున్నా అన్నారు, ఇల్లు పక్కనే, క్లినిక్ పాతిక నిమిషాల దూరం. కారు వద్దు, ముందు ఇంటి ముందు పైపు తీయండి అన్నాను. ఆయన నీళ్లు పోస్తుంటే వాళ్లబ్బాయి టేబుల్ ఫ్యాన్ తెచ్చి పెట్టాడు. ఇంట్లో థర్మామీటర్ ఉంది, మొదటి అంకె 106.9. చిగుళ్లు ఎర్రగా ఉన్నాయి, పిలిస్తే చెవి కదిలిస్తోంది గానీ తల ఎత్తడం లేదు. ఐదు నిమిషాలకి 106.1, పది నిమిషాలకి 105.2, పదిహేనుకి 104.3. అప్పుడు తల ఎత్తి చుట్టూ చూసింది. అప్పటికే బయల్దేరమన్నాను, తడి ఒంటితోనే ఎక్కించి ఏసీ పెట్టుకుని వచ్చారు. నా బల్ల మీద చూసేసరికి 102.7, నడుచుకుంటూ లోపలికి వచ్చింది.

ఆయనకి అప్పటికే ఇంటికి తీసుకెళ్లిపోవాలని ఉంది, కుక్క బాగానే ఉంది కదా అని. నేను ఒప్పుకోలేదు. సెలైన్ పెట్టి, రక్త పరీక్షలు చేసి రాత్రికి ఉంచేశాం. మర్నాడు పొద్దున పొట్ట కింద, చెవుల లోపల సూదిమొన లాంటి ఎర్రచుక్కలు కనబడ్డాయి, ప్లేట్‌లెట్లు ముందురోజు కంటే సగానికి పడిపోయాయి, విరేచనంలో రక్తం జీర కనిపించింది. ప్లాస్మా ఎక్కించాం. మూడో రోజుకి అంకెలు పైకి తిరిగాయి, నాలుగో రోజు ఇంటికి వెళ్లింది. ఆ మొదటి పదిహేను నిమిషాల నీళ్లు లేకుండా అదే కుక్క పాతిక నిమిషాలు కారులో వచ్చి ఉంటే ఏ స్థితిలో దిగేదో నాకు ఊహించడం కష్టం కాదు, అలాంటివీ చాలానే చూశాను.

ఇవాళే చూపించమని మొదట్లో అన్నది ఇందుకే. వేడి దిగినా కథ అయిపోదు. లోపల రక్తనాళాల పొర దెబ్బతిని రక్తం గడ్డకట్టే పద్ధతి అస్తవ్యస్తం అవుతుంది, పేగు గోడ పాడై అందులోని బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్తుంది, కిడ్నీలు, కాలేయం దెబ్బతింటాయి, ఇవన్నీ బయటపడటానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఇజ్రాయెల్‌లోని ఒక వెటర్నరీ ఆసుపత్రికి వడదెబ్బతో వచ్చిన 54 కుక్కల వివరాలు 2006లో ప్రచురించారు, వాటిలో సగం బతకలేదు. గంటన్నర దాటాక వచ్చినవాటికి, లావుగా ఉన్నవాటికి, ఫిట్స్ వచ్చినవాటికి ప్రమాదం ఎక్కువని తేలింది. అవి పెద్ద ఆసుపత్రికి చేరిన తీవ్రమైన కేసులు, మీ పగ్ పరిస్థితి అది కాదు, టెన్షన్ పడకండి. కానీ కిడ్నీ, కాలేయం, ప్లేట్‌లెట్ల పరీక్ష ఒకటి ఇవాళ చేయించి, డాక్టర్ చెప్తే రేపు లేదా ఎల్లుండి మళ్లీ చేయిస్తే సరిపోతుంది. ఈ మూడు రోజులూ తిండి మానేసినా, మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా లేదా బాగా తగ్గిపోయినా, విరేచనం నల్లగా గానీ రక్తంతో గానీ ఉన్నా, బొచ్చు పల్చగా ఉన్నచోట ఎర్రచుక్కలు కనిపించినా, అర్ధరాత్రైనా సరే ఫోన్ చేయండి.

వెళ్లినప్పుడు ఇంకొకటి కూడా అడగండి. ముక్కు రంధ్రాలు, అంగిలి వెనక భాగం ఎంత ఇరుకుగా ఉన్నాయో చూడమనండి. ఇరుకు ఎక్కువగా ఉంటే రంధ్రాలు వెడల్పు చేసి, పొడుగున్న అంగిలి భాగాన్ని కత్తిరించే సర్జరీ ఉంది, చాలా పగ్గులకి ఆ తర్వాత ఊపిరి చెప్పుకోదగ్గంత తేలికవుతుంది. అది కాస్త చల్లటి వాతావరణంలో, కుక్క బాగా ఉన్నప్పుడు చేయించాల్సిన పని, వెంటనే కాదు. ఈలోపు బరువు తగ్గించడం మొదలుపెట్టండి, మెడకి కాలర్ బదులు ఛాతీకి హార్నెస్ వాడండి, రాబోయే కొన్ని వారాలు నడక తెల్లవారుజామునే, అదీ కాళ్లు సాగేంత మాత్రమే.